వేరియబుల్ పేలో బ్యాంకు లెక్కకు వచ్చేదెంత?

జూలైలో ఓ ఆదివారం పొద్దున్నే మా అన్నయ్య కొడుకు ఇంటికొచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో ఆఫర్ లెటరు, మూడు నెలల పేస్లిప్పులు. మియాపూర్‌లో 85 లక్షలకు ఓ పాత ఫ్లాటు మాట్లాడుకుని, ఓనరుకు 2 లక్షలు బయానా కూడా ఇచ్చేశాడు. 17 లక్షలు కూడబెట్టుకున్నాడు. రిజిస్ట్రేషన్ ఖర్చులకు వాళ్ల నాన్న సాయం చేస్తానన్నారు. మిగతా 68 లక్షలు బ్యాంకు రుణం వస్తుందనుకున్నాడు.

"బాబాయ్, ఏడాదికి నా జీతం 18 లక్షలు. 68 అడిగితే 49 లక్షల దగ్గర ఆగిపోయారు. ఎక్కడో లెక్క తప్పారు, నువ్వొకసారి చూడు" అన్నాడు.

నేను ఉద్యోగమంతా గృహరుణాల విభాగంలోనే చేసి రిటైరయ్యాను. వాడు చెబుతుండగానే సంగతి అర్థమైంది. బ్యాంకు లెక్క తప్పలేదు. వాడు ఒక కాగితం చదివాడు, బ్యాంకు ఇంకో కాగితం చదివింది. వాడు చదివింది ఆఫర్ లెటరు, బ్యాంకు చదివింది పేస్లిప్పు. బయానా ఇవ్వకముందే ఆ పేస్లిప్పును బ్యాంకు కళ్లతో చూసుకుని ఉంటే వాడికి ఈ పరుగులు ఉండేవి కావు.

వాడి లెక్క ఇలా ఉంది. 18 లక్షలను 12తో భాగిస్తే నెలకు లక్షన్నర. అందులో సగం కిస్తీలకు పోవచ్చని బ్యాంకులు ఒప్పుకుంటాయని ఎవరో చెప్పారు. అంటే 75 వేలు. కారు లోను కిస్తీ 9,500 తీసేస్తే 65,500 మిగులుతుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే లక్ష రుణానికి నెల కిస్తీ 868 రూపాయలు పడుతుంది. ఆ లెక్కన 75 లక్షల దాకా రావాలి. గుణకారాలు, భాగహారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొదటి అంకె ఒక్కటే తప్పు.

సీటీసీ అంటే ఆ ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. వాడి ఆఫర్ లెటరును విడదీసి చూపించాను. 18 లక్షల్లో 2,70,000 వేరియబుల్ పే. కంపెనీ తన వంతుగా కట్టే పీఎఫ్ 72,000. గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టేది 28,860, అంటే బేసిక్‌లో 4.81 శాతం. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం 13,140. ఇవన్నీ పోగా నెలనెలా పేస్లిప్పులో కనిపించే స్థూల జీతం ఏడాదికి 14,16,000, నెలకు 1,18,000. అందులోంచి వాడి వంతు పీఎఫ్ 6,000, వృత్తి పన్ను 200, టీడీఎస్ సుమారు 7,000 కోత పడి చేతికొచ్చేది 1,04,800. బ్యాంకు లెక్క మొదలయ్యేది ఈ అంకె దగ్గర.

అందులో సగం 52,400. కారు కిస్తీ తీసేస్తే 42,900. దాన్ని 868తో భాగిస్తే 49 లక్షల 40 వేలు. బ్యాంకు చెప్పిందీ అదే.

సగం అనేది అన్ని చోట్లా ఒకేలా ఉండే నియమం కాదు. ఆస్తి విలువలో ఎంత వరకు అప్పివ్వవచ్చో రిజర్వు బ్యాంకు పరిమితి పెట్టింది. రుణం 30 లక్షల లోపైతే 90 శాతం, 30 నుంచి 75 లక్షల దాకా 80 శాతం, ఆ పైన 75 శాతం. మావాడి 68 లక్షలు 85 లక్షల్లో సరిగ్గా 80 శాతం కాబట్టి ఆ వైపు ఇబ్బంది లేదు. కానీ జీతంలో ఎంత భాగం కిస్తీకి పోవచ్చు, వేరియబుల్‌ను ఎంత లెక్కలోకి తీసుకోవాలి అన్నవి ఏ బ్యాంకుకా బ్యాంకు నిర్ణయించుకునే సంగతులు. కొన్ని స్థూల జీతం మీద లెక్క కడతాయి, కొన్ని నికర జీతం మీద. ఆదాయం పెరిగేకొద్దీ 60 శాతం దాకా ఒప్పుకునేవీ ఉన్నాయి. అందుకే ఒకే మనిషికి రెండు బ్యాంకులు వేర్వేరు మొత్తాలు చెబుతాయి.

"మరి మే నెల పేస్లిప్పు చూశావా బాబాయ్? అందులో 2,16,000 బోనస్ పడింది. మూడు నెలల సగటు తీస్తే ఎంతవుతుంది!" అన్నాడు.

అందరూ పడే భ్రమే ఇది. బోనస్ పడిన నెల పేస్లిప్పు జతచేస్తే ఆదాయం పెరిగినట్టు కనిపిస్తుందనుకుంటారు. ఫైలు చూసే ఆఫీసరు మొదట చేసే పని ఆ వరుసను కొట్టేయడం. ఆ పక్కనే ఆ నెల అదనంగా పడ్డ టీడీఎస్‌ను కూడా తీసేసి, మామూలు నెల జీతమెంతో తేలుస్తాడు. ఎరియర్లు, సెలవుల సొమ్ము, జాయినింగ్ బోనస్, కంపెనీ వదిలి వెళ్లకుండా ఇచ్చే రిటెన్షన్ బోనస్ కూడా ఇలాగే పక్కకు పోతాయి. ఒకసారి వచ్చి మళ్లీ రాని డబ్బుతో 240 నెలల కిస్తీ ఎలా కడతారన్నది బ్యాంకు ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్నే.

అలాగని వేరియబుల్‌ను పూర్తిగా వదిలేస్తారని కాదు. అదెప్పుడొస్తుంది, ఎన్నేళ్లుగా వస్తోంది, ఎంత మారుతోంది అన్న మూడింటిని బట్టి తూకం వేస్తారు. ఏడాదికోసారి వచ్చే బోనస్ అయితే కనీసం రెండేళ్లు వరుసగా వచ్చినట్టు రుజువు కావాలి. ఆఫర్ లెటరులో రాసింది గరిష్ఠ మొత్తం మాత్రమే, దానికి ఇక్కడ విలువ లేదు. మావాడికి ఈ ఏడాది 2,16,000 వచ్చింది. పోయినేడాది కంపెనీ ఫలితాలు బాగాలేక 1,44,000 వచ్చింది. రెండేళ్ల సగటు 1,80,000. చాలా చోట్ల అందులో సగమే లెక్కలోకి వస్తుంది, అంటే ఏడాదికి 90,000, నెలకు 7,500. ఇంకొంచెం జాగ్రత్తపడే బ్యాంకు సగటు కూడా తీసుకోదు. రెండేళ్లలో తక్కువ వచ్చిన 1,44,000 తీసుకుని, అందులో సగం చేసి నెలకు 6,000 అంటుంది. ఏడాది బోనస్‌ను అసలు చూడనివీ ఉన్నాయి.

7,500 వచ్చిందనే అనుకుందాం. అందులో కిస్తీకి పోగలిగేది మళ్లీ సగం, 3,750. దానికి వచ్చే రుణం 4 లక్షల 30 వేలు. ఆఫర్ లెటరులో 2,70,000 అని కనిపించే అంకె చివరికి మోయగలిగిన బరువు అంతే.

నెలనెలా ఇన్సెంటివ్ వచ్చే వాళ్ల సంగతి కొంత మెరుగు, కొంత కష్టం. మందుల కంపెనీ రిప్రజెంటేటివులు, షోరూముల్లో అమ్మకాలు చూసేవాళ్లు, ఫైనాన్స్ కంపెనీల ఫీల్డు ఉద్యోగులు ఈ కోవలోకి వస్తారు. స్థిర జీతం 38,000 ఉన్న ఒకాయనకు ఆరు నెలల్లో 14,000, 9,000, సున్నా, 22,000, 6,000, 15,000 ఇన్సెంటివ్ వచ్చిందనుకోండి. మొత్తం 66,000. ఆయన డబ్బు రాని నెలను వదిలేసి ఐదుతో భాగించుకుంటాడు. బ్యాంకు ఆరుతోనే భాగిస్తుంది. సగటు 11,000, సగం 5,500. అంకెలు మరీ ఎగుడుదిగుడుగా ఉంటే ఆరు నెలలు చాలవు, పన్నెండు నెలల పేస్లిప్పులు తెమ్మంటారు. ఇలాంటివాళ్లు దరఖాస్తుకు ముందు ఏడాది పేస్లిప్పుల్లో ఒక్కటి కూడా పోకుండా దాచుకోవాలి. ఉద్యోగం మారాక పాత కంపెనీ పోర్టల్ తెరుచుకోదు, అప్పుడు ఎవరిని అడిగినా దొరకవు.

వేరియబుల్‌ను లెక్కలోకి తెచ్చేవి మూడు కాగితాలు: బోనస్ ఇస్తున్నామని కంపెనీ ఇచ్చిన లేఖ, అది పడిన నెల పేస్లిప్పు, అదే మొత్తం ఖాతాలో జమైన స్టేట్‌మెంటు. వీటికి తోడు రెండేళ్ల ఫారం 16. ఆపైన బ్యాంకు 26ఏఎస్ కూడా చూస్తుంది. కంపెనీ ఏ తేదీన ఎంత జీతం చెల్లించినట్టు చూపి ఎంత పన్ను కట్టిందో అందులో వరుసగా ఉంటుంది. బోనస్ నెలలో ఆ అంకె పైకి లేస్తుంది. పేస్లిప్పులో ఉండి 26ఏఎస్‌లో లేని బోనస్‌ను ఎవరూ నమ్మరు.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి, ఎందుకంటే దీనివల్ల నష్టపోయినవాళ్లను చాలామందిని చూశాను. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లు మినహాయింపుల కాగితాలు సమయానికి ఇవ్వకపోతే ఏడాది పన్నంతా జనవరి, ఫిబ్రవరి, మార్చి జీతాల్లోంచి కోసేస్తారు. సరిగ్గా అప్పుడే రుణానికి వెళితే ఆ మూడు నెలల నికర జీతం చాలా తక్కువగా కనిపిస్తుంది. నికరం మీద లెక్కకట్టే బ్యాంకులో అర్హత పడిపోతుంది. అలాంటప్పుడు ఏప్రిల్, మే పేస్లిప్పులు వచ్చేదాకా ఆగండి. ఆగలేకపోతే ఫారం 16 చూపించి, ఏడాది మొత్తం మీద నెల సగటు తీయమని అడగండి. అడిగితేనే చేస్తారు.

మావాడి పేస్లిప్పులో కోతల వైపు కూడా చూశాను. సొసైటీ లోను, జీతం అడ్వాన్సు లాంటివి లేవు. ఉంటే సిబిల్‌లో కనిపించకపోయినా పేస్లిప్పు పట్టిస్తుంది, వాటినీ కిస్తీలుగా లెక్కిస్తారు. దీనికి ఎదురుగా, సొంత ఇష్టంతో ఎక్కువ పీఎఫ్ కట్టుకునేవాళ్లు ఉంటారు. అది పొదుపేగానీ అప్పు కాదు, ఆ మొత్తాన్ని ఆదాయంలో తిరిగి కలపమని రాసివ్వవచ్చు.

"ఇప్పుడేం చేయమంటావు?" అన్నాడు. గొంతులో దిగులు వినిపించింది. మూడు నెలల్లో రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, లేకపోతే బయానా పోతుంది.

కారు లోను ఇంకా ఎన్ని కిస్తీలుందని అడిగాను. పదకొండట. కట్టాల్సిన బాకీ దాదాపు లక్ష. ఆ 9,500 కిస్తీ వాడి అర్హతలో తినేస్తున్నది దాదాపు 11 లక్షలు. లక్ష కట్టేస్తే 11 లక్షల అర్హత తిరిగి వస్తుంది. రెండున్నర లక్షలకు పైగా కనిపించే వేరియబుల్ కష్టపడి 4 లక్షలు తెస్తే, చివరికొచ్చిన కారు లోను తీర్చేయడం దానికి రెండింతలకు పైగా తెస్తోంది. మే నెలలో వచ్చిన బోనస్ ఇంకా ఖాతాలోనే ఉంది. దాంతో కారు లోను తీర్చి, బాకీ లేదన్న లేఖ తెచ్చుకోమన్నాను. సిబిల్‌లో ఆ మార్పు కనిపించడానికి కొన్ని వారాలు పట్టవచ్చు, ఈలోపు ఆ లేఖే ఆధారం.

దాంతో అర్హత 60 లక్షలు దాటింది. ఇంకా 8 లక్షలు తక్కువ. వేరియబుల్ కలిపినా 64 దగ్గర ఆగుతుంది. 25 ఏళ్లకు తీసుకుంటే సరిపోతుంది కదా అన్నాడు. లక్షకు కిస్తీ 805కు దిగుతుంది, నిజమే. కానీ 68 లక్షలకు 54,740 కిస్తీ, అది వాడి స్థిర జీతంలో సగానికి పైనే. బోనస్ రాని ఏడాది ఆ సగం వాడి మెడ మీద కూర్చుంటుంది. అర్హత వచ్చింది కదా అని అలా తీసుకోవడానికి నా మనసు ఒప్పుకోలేదు.

అప్పుడు వాడి భార్య గుర్తొచ్చింది. ఆ అమ్మాయి ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. జీతం 24,000. "అక్కడ పేస్లిప్పులివ్వరు బాబాయ్, అందుకే ఆమె సంగతి బ్యాంకులో చెప్పలేదు" అన్నాడు. సరిగ్గా ఇలాంటి చోటే కావలసింది శాలరీ సర్టిఫికెట్.

పేస్లిప్పు నెలనెలా యంత్రం తయారుచేసేది, సర్టిఫికెట్ మనిషి సంతకం పెట్టి బాధ్యత తీసుకునేది. ప్రభుత్వోద్యోగులకు దాన్ని జీతాల బిల్లు పెట్టే డ్రాయింగ్ అధికారి ఇస్తారు. ప్రైవేటులో హెచ్ఆర్ ఇస్తుంది, హెచ్ఆర్ లేని చోట యజమానే ఇవ్వాలి. ఆ అమ్మాయి రెండు రోజుల్లో స్కూలు నుంచి ఒకటి తెచ్చింది. లెటర్‌హెడ్ మీద మూడు వాక్యాలు: ఫలానా ఆమె మా స్కూల్లో టీచరుగా పనిచేస్తున్నారు, నెలకు 24,000 కన్సాలిడేటెడ్ పే ఇస్తున్నాము, ఆమె కోరిక మేరకు ఇచ్చాము. కింద సంతకం, తేదీ లేదు, ముద్ర లేదు.

ఆ కాగితం బ్యాంకులో నిలవదు. ఎందుకంటే ఆమె ఖాతాలో నెలనెలా పడుతున్నది 24,000 కాదు, 22,000. పీఎఫ్ 1,800, వృత్తి పన్ను 200 కోసుకుని మిగతాది వేస్తున్నారు. సర్టిఫికెట్‌లో ఒక అంకె, పాస్‌బుక్‌లో ఇంకో అంకె ఉంటే ఆఫీసరు తక్కువదాన్నే తీసుకుంటాడు, పైగా అనుమానిస్తాడు. ఇంకో చిక్కు కూడా ఉంది. మే నెలలో ఆమెకు 11,000 మాత్రమే పడింది. వేసవి సెలవుల్లో సగం జీతమివ్వడం ఆ స్కూలు పద్ధతి. దాని గురించి ఒక్క ముక్క రాయకపోతే, ఉద్యోగం మధ్యలో ఆగిపోయిందా అన్న ప్రశ్న వస్తుంది.

కొత్త సర్టిఫికెట్‌లో ఏమేం ఉండాలో ఓ కాగితం మీద రాసిచ్చాను. ఆధార్, పాన్‌లో ఉన్నట్టే పూర్తి పేరు. హోదా, చేరిన తేదీ, ఉద్యోగం శాశ్వతమా కాంట్రాక్టా. స్థూల జీతం, ఒక్కో కోత విడివిడిగా, నికర జీతం. మేలో సగం జీతమే ఇస్తామన్న వాక్యం. జీతం ఏ ఖాతాలో వేస్తున్నారో. సంతకం చేసినవారి పేరు, హోదా, ఫోను నంబరు, తేదీ, స్కూలు ముద్ర.

పేరు దగ్గరే ఇంకో ఆటంకం వచ్చింది. ఆమె పెళ్లికి ముందే ఆ స్కూల్లో చేరింది. స్కూలు రికార్డుల్లో పుట్టింటి ఇంటిపేరు మొదటి అక్షరంతో పేరు ఉంది. పాన్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా ఉంది. ఆధార్‌లో మాత్రం అత్తింటి ఇంటిపేరుకు మార్పించుకుంది. మన ఇళ్లలో ఇది మామూలే, కానీ కంప్యూటరుకు అవి ముగ్గురు మనుషులు. వివాహ ధ్రువపత్రం, ముగ్గురూ ఒకరేనన్న అఫిడవిట్ జత చేయించాను. పెళ్లయ్యాక పేరు మార్చుకునే ఆడపిల్లలు పాన్‌ను, ఆధార్‌ను ఒకేసారి మార్పించుకుంటే తర్వాత ఈ తిరుగుళ్లు తప్పుతాయి.

రెండోసారి సర్టిఫికెట్ రాస్తున్నప్పుడు స్కూలు ఆఫీసులో ఒకరు, "లోను కోసమే కదమ్మా, 35,000 అని రాసివ్వమంటావా?" అన్నారట. వాళ్లు మంచితనంతోనే అన్నారు, కానీ ఆ మంచితనం వల్ల మునిగేది ఆ అమ్మాయే. ఖాతాలో 22,000 పడుతోంది, పీఎఫ్ పాస్‌బుక్‌లో నెలనెలా జమలున్నాయి. బ్యాంకు మనిషి స్కూలుకు ఫోను చేస్తాడు, ఒక్కోసారి వెళ్లి వస్తాడు కూడా. అబద్ధం దొరికితే ఆ సర్టిఫికెట్ ఒక్కటే పోదు, ఇద్దరి ఫైలూ తిరస్కరిస్తారు. ఆ సంగతి రికార్డులో ఉండిపోతుంది, కేసు కూడా పెట్టవచ్చు. "జీతం మేం చూసుకుంటాం" అని పేస్లిప్పులు దిద్దిచ్చే ఏజెంట్లు కూడా తిరుగుతుంటారు. కమీషన్ వాళ్లకు పోతుంది, సంతకం మీది ఉంటుంది. ఆ అమ్మాయి వద్దని, ఉన్నదున్నట్టే రాయించుకుని వచ్చింది. నాకు చాలా సంతోషమేసింది.

మే నెల సగం జీతాన్ని కూడా కలుపుకుంటే ఆమె నెల సగటు 21,000. అందులో సగం 10,500, దానికి 12 లక్షల రుణం వస్తుంది. ఆమెను సహ రుణగ్రహీతగా చేర్చి దరఖాస్తు మళ్లీ పెట్టారు. కారు కిస్తీ లేదు కాబట్టి వాడి వైపు నుంచి 52,400, ఆమె వైపు నుంచి 10,500. రెండూ కలిపి 62,900 కిస్తీ మోయవచ్చు. అంటే 72 లక్షలకు పైగా అర్హత. కావలసింది 68.

ఈ లెక్కలో వేరియబుల్ పే ఒక్క రూపాయి కూడా లేదని గమనించాడా అని అడిగాను. కాసేపు కాగితం వైపు చూసి తలూపాడు.

ఒక మాట మాత్రం ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పాను. సహ రుణగ్రహీత అంటే ఊరికే సంతకం పెట్టడం కాదు, మొత్తం అప్పుకు ఇద్దరూ బాధ్యులే. 20 ఏళ్లకు కిస్తీ 59,024. పిల్లలు పుట్టి ఆ అమ్మాయి రెండేళ్లు ఉద్యోగం మానేస్తే, వాడి 1,04,800లో 56 శాతం కిస్తీకే పోతుంది. అలాంటి రోజు కోసం ఆరు కిస్తీల డబ్బు విడిగా ఉంచుకోమన్నాను. కారు లోను తీర్చాక బోనస్‌లో మిగిలినదాన్ని దానికే కేటాయించారు. వచ్చే ఏడాది నుంచి వచ్చే బోనస్‌ను అసలులో కట్టేస్తానంటున్నాడు. మారే వడ్డీ మీద తీసుకున్న గృహరుణాన్ని ముందుగా తీరిస్తే వ్యక్తుల దగ్గర జరిమానా వసూలు చేయకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది కాబట్టి, అందులో వాడికి పోయేదేమీ లేదు.

మంజూరు లేఖ ఆగస్టు చివరి వారంలో వచ్చింది. బయానా గడువుకు ఇంకా నెలన్నర ఉంది.